ఉమ్మడి ఆసక్తులతో మాట మొదలుపెట్టించే ఫీచర్: తరచుగా అడిగే ప్రశ్నలు

డేటింగ్ యాప్‌లో ఇద్దరూ ఒకరినొకరు ఇష్టపడ్డారు, మ్యాచ్ అయింది, చాట్ తెరుచుకుంది. ఆ తర్వాత రోజుల తరబడి ఖాళీగా ఉండే ఆ తెర గురించే ఈ పేజీ. ఇద్దరి ప్రొఫైల్స్‌లోనూ ఉన్న ఆసక్తిని చూసి, పంపడానికి ఒకటి రెండు వాక్యాలు సూచించే ఫీచర్‌ను తయారుచేసేవాళ్ళు, డిజైనర్లయినా డెవలపర్లయినా, నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. నేను ఈ పని ముఖ్యంగా తెలుగువాళ్ళు వాడే యాప్ కోసం చేశాను, కాబట్టి ఉదాహరణలన్నీ అక్కడివే.

అసలు ఉమ్మడి ఆసక్తి మీదే ఎందుకు మొదలుపెట్టాలి? "హాయ్" సరిపోదా?

"హాయ్"కి జవాబు ఇవ్వాలంటే, ఏం మాట్లాడాలో వెతుక్కునే పని అందుకున్న మనిషి మీద పడుతుంది. రోజుకి పదిహేను "హాయ్"లు వచ్చే అమ్మాయికి అది నిజంగా పనే. అమెరికాలో ఓకేక్యూపిడ్ వాళ్ళు 2009లో 5 లక్షలకు పైగా తొలి సందేశాలను పరిశీలించి తమ బ్లాగులో రాశారు: అందాన్ని పొగిడే మాటలకన్నా అవతలివాళ్ళ ప్రొఫైల్‌లోని ఒక ప్రత్యేకమైన విషయం ఎత్తిన సందేశాలకే జవాబులు ఎక్కువ వచ్చాయని. పాత సంగతే, వేరే దేశం సంగతే, కానీ కారణం ఇక్కడా పనిచేస్తుంది. ప్రొఫైల్ చదివారని తెలుస్తుంది, జవాబు చెప్పడానికి ఒక పట్టు దొరుకుతుంది.

అయితే ఒక్క తేడా గుర్తుంచుకోవాలి. అక్కడ మనిషి చదివి తనే రాశాడు, ఇక్కడ చదివే పని మనం చేసిపెడుతున్నాం. ఈ ఫీచర్‌లో వచ్చే ఇబ్బందులు చాలావరకు ఈ తేడాలోంచే పుడతాయి.

ఇద్దరికీ ఉమ్మడిగా ఐదారు ఆసక్తులుంటే ఏది ఎంచుకోవాలి?

అందరికీ ఉన్నది వద్దు, కొద్దిమందికే ఉన్నది కావాలి. సింధు, కార్తీక్ అని ఇద్దరిని ఊహించుకుందాం. ఇద్దరూ హైదరాబాద్‌లో ఉంటారు. ఇద్దరి ప్రొఫైల్స్‌లోనూ సినిమాలు, బిర్యానీ, ట్రెక్కింగ్, పక్షులను చూడటం ఉన్నాయి. ఆ నగరంలో మన దగ్గర 20,000 ప్రొఫైల్స్ ఉంటే, అందులో సినిమాలు అని పెట్టినవాళ్ళు 12,000, బిర్యానీ 8,000, ట్రెక్కింగ్ 1,600, పక్షులను చూడటం 100 మంది అనుకోండి. మొత్తాన్ని ఆ సంఖ్యతో భాగించి సహజ లాగరిథమ్ తీసుకుంటే బరువులు ఇలా వస్తాయి: సినిమాలకు 0.51, బిర్యానీకి 0.92, ట్రెక్కింగ్‌కి 2.53, పక్షులకు 5.30.

సినిమాల గురించి అడిగితే సింధుకి ప్రత్యేకంగా ఏమీ అనిపించదు, ఎవరైనా అడుగుతారు. పక్షుల గురించి అడిగితే ఆగి చూస్తుంది. ఈ లెక్క సెర్చ్ ఇంజన్లలో దశాబ్దాలుగా వాడుతున్నదే, కొత్తదేం కాదు. నగరాన్ని బట్టి విడిగా లెక్కపెట్టడం మాత్రం మర్చిపోవద్దు. విశాఖలో బీచ్ అంటే ఇష్టం అన్నది ఎవరినీ వేరుచేసి చూపించదు, వరంగల్‌లో కాస్త చూపిస్తుంది.

దీనికి కింద ఒక హద్దు కూడా ఉండాలి. నగరం మొత్తంలో ముగ్గురికే ఉన్న ట్యాగ్‌కి ఈ లెక్కలో అన్నిటికన్నా పెద్ద బరువు వస్తుంది, కానీ అది చాలాసార్లు ఆసక్తే కాదు. ఒక కాలేజీ బ్యాచ్ పేరో, స్నేహితుల గుంపు పేరో అయివుంటుంది. అది ఎత్తి మాట మొదలుపెడితే అవతలి మనిషికి ఉలిక్కిపాటు తప్ప ఇంకేమీ రాదు. నేనైతే 20 మందికన్నా తక్కువ ఉన్నదాన్ని వదిలేస్తాను.

ఒకే ఆసక్తిని ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు కదా?

రాస్తారు, ఈ పనికి అనుకున్నదానికన్నా ఎక్కువ సమయం పడుతుంది. మన దగ్గర బ్యాడ్మింటన్‌ని సగం మంది షటిల్ అంటారు. వీణని ఇంగ్లీషు అక్షరాల్లో రెండు మూడు రకాలుగా రాస్తారు, బిర్యానీని ఇంకా ఎక్కువ రకాలుగా. వీలైతే ముందే జాబితా ఇచ్చి అందులోంచి ఎంచుకోమనండి. సొంతంగా రాసే వీలు ఇస్తే మాత్రం పర్యాయపదాల పట్టిక ఒకటి మనిషి కూర్చుని తయారుచేయాల్సిందే.

తెలుగు లిపిలో ఇంకో చిన్న చిక్కు ఉంది. తెరమీద ఒకేలా కనిపించే రెండు పదాల్లో ఒకదాని చివర కనిపించని అక్షరం దాక్కుని ఉండవచ్చు, పొల్లు విడిగా కనిపించడానికి కీబోర్డు పెట్టేది. దాన్ని తీసేయకుండా పోలిస్తే రెండూ వేరువేరు అని వస్తుంది. పోల్చే ముందు ఇలా శుభ్రం చేసుకుంటే చాలు:

```python
import math, unicodedata

def key(s):
    s = unicodedata.normalize("NFKC", s).casefold()
    return s.replace("\u200c", "").strip()

def weight(total, n):
    return math.log(total / n) if n >= 20 else 0
```

పోల్చడానికే ఈ శుభ్రం చేసిన రూపం. తెరమీద చూపించేటప్పుడు వాళ్ళు రాసిన రూపమే చూపించండి.

ట్యాగ్‌లే ఎందుకు? "నా గురించి" పేరాలోంచి కూడా పదాలు ఏరుకోవచ్చు కదా?

వద్దు. "క్రికెట్ చూస్తాను కానీ ఆడమంటే పారిపోతాను" అని ఒకరు, "క్రికెట్ పిచ్చి ఉన్నవాళ్ళు దయచేసి దూరం" అని ఒకరు రాస్తారు. పదం ఏరుకుంటే ఇద్దరికీ క్రికెట్ ఉమ్మడి ఆసక్తి! తెలుగులో కాదు, లేదు, వద్దు అన్నది వాక్యం చివర్లో వస్తుంది, పదం పక్కన ఉండదు, కాబట్టి ముందు వెనక రెండు పదాలు చూసే చిట్కాలు కూడా ఇక్కడ పట్టుకోలేవు. మనిషి స్వయంగా "ఇది నా ఆసక్తి" అని ఎంచుకున్నదాన్నే వాడండి. తక్కువ దొరుకుతుంది, కానీ తప్పు దొరకదు.

ఆసక్తి దొరికింది. వాక్యంలో ఖాళీ పెట్టి అందులో ఆ పదం దూరిస్తే సరిపోతుందా?

ఇంగ్లీషులో చాలావరకు సరిపోతుంది. తెలుగులో సరిపోదు, ఇంగ్లీషు యాప్‌ను తెలుగులోకి తెచ్చేవాళ్ళు ముందుగా జారేది ఇక్కడే. మన పదాలకి విభక్తి తగిలితే పదమే మారుతుంది. పుస్తకాలు అన్న పదానికి "లో" అతికిస్తే "పుస్తకాలులో" అని వస్తుంది, కావాల్సింది "పుస్తకాల్లో". "పక్షులను చూడటం" పక్కన "కి" పెడితే "చూడటంకి" అవుతుంది, కావాల్సింది "చూడటానికి". ఇలాంటి వాక్యం ఒక్కటి కనిపించినా మనిషి రాయలేదని మొదటి చూపులోనే తెలిసిపోతుంది. సింధుకి వచ్చిన సందేశంలో ఆ తప్పు ఉంటే ఇబ్బంది పడేది కార్తీక్, మనం కాదు.

దీనికి రెండు దారులున్నాయి. పదం మారని చోటే ఖాళీ పెట్టడం ఒకటి. "అంటే" ముందు పదం ఉన్నదున్నట్టు నిలుస్తుంది: "మీక్కూడా ట్రెక్కింగ్ అంటే ఇష్టమా?", "మీక్కూడా పుస్తకాలు అంటే ఇష్టమా?" రెండూ సరిగ్గానే వస్తాయి. కానీ ఇష్టమని ప్రొఫైల్‌లో రాసే ఉంది కదా, మళ్ళీ అడగడం ఏమిటి? అందుకే రెండో దారి మెరుగు. ఎక్కువమంది పెట్టుకునే ఓ 200 ఆసక్తులు తీసుకుని, ఒక్కోదానికి ఆరు వాక్యాలు మనిషి చేత రాయించండి. మొత్తం 1,200 వాక్యాలు, తెలుగు బాగా రాసే ఒకరు, సరిచూసే ఇంకొకరు ఉంటే అయ్యే పనే. ఖాళీ పెట్టిన వాక్యాలను మిగతా ఆసక్తులకే ఉంచండి.

ఆ ఆరు వాక్యాలు ఎలా ఉండాలి?

ఒక్క లైనులో జవాబు చెప్పగలిగేలా, చెప్పాక "మరి మీరు?" అని తిరిగి అడగగలిగేలా. పక్షుల ఆసక్తికి నేను రాసినవి కొన్ని: "కొల్లేరు వైపు పక్షుల కోసం ఎప్పుడైనా వెళ్ళారా? నేను ఒక్కసారే వెళ్ళాను." ఆగండి, ఈ రెండో వాక్యం నేను కొట్టేశాను. కార్తీక్ నిజంగా వెళ్ళాడో లేదో మనకు తెలియదు. సూచన ఎప్పుడూ పంపేవాడి తరఫున ఏ విషయమూ చెప్పకూడదు, అడగడం వరకే. మిగిలినవి: "పక్షులను చూసే అలవాటు ఎలా మొదలైంది?", "మీరు చూసినవాటిలో మళ్ళీ కనిపిస్తే బాగుండు అనుకునే పక్షి ఏది?", "బైనాక్యులర్ పట్టుకెళ్తారా, ఫోన్ కెమెరాతోనే సరిపెట్టేస్తారా?"

పరీక్ష పెట్టే ప్రశ్నలు వద్దు. క్రికెట్ అని రాసుకున్న అమ్మాయిని ఫీల్డింగ్ పేర్లు అడిగే మగవాళ్ళు యాప్ బయటే చాలామంది ఉన్నారు, వాళ్ళకు మనం వాక్యాలు అందించక్కర్లేదు. దగ్గరలోని చోట్ల పేర్లు కూడా వద్దు. అమీన్‌పూర్ చెరువు దగ్గర పక్షులు బాగా వస్తాయి, నిజమే, కానీ సింధు ఆ చుట్టుపక్కలే ఉంటే "ఇతనికి నా ఇల్లెక్కడో తెలుసా?" అని టెన్షన్ పడుతుంది. కొల్లేరు, నేలపట్టు లాంటి దూరపు పేర్లయితే ఆ భయం ఉండదు.

"మీరు"నా, "నువ్వు"నా?

"మీరు". ఇద్దరి వయసు ఇరవై రెండైనా సరే. "మీరు"తో మొదలై "నువ్వు"లోకి దిగడం ఇద్దరూ కలిసి వేసుకునే అడుగు, దాన్ని యాప్ వేయకూడదు. తెలుగులో ఎదుటివాళ్ళతో మాట్లాడేటప్పుడు క్రియలో ఆడ మగ తేడా ఎలాగూ రాదు, కాబట్టి ఒకే వాక్యం ఎవరు ఎవరికి పంపినా సరిపోతుంది. "గారు", "అండి" మాత్రం కలపకండి, కావాలంటే పంపేవాళ్ళు కలుపుకుంటారు.

లిపి సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేసే మనిషి నుంచి ఒక్కసారిగా శుభ్రమైన తెలుగు లిపిలో వాక్యం వస్తే అది అతికినట్టు ఉండదు. ప్రతి వాక్యాన్నీ రెండు లిపుల్లోనూ ఉంచి, పంపేవాళ్ళ ప్రొఫైల్ ఏ లిపిలో ఉందో అందులో చూపించండి.

అన్నీ బాగానే పెట్టాం, అయినా అమ్మాయిలు విసుక్కుంటున్నారు. ఎందుకు?

ఈ ఒక్క జవాబు కోసమే ఈ పేజీ రాశాను అనుకోండి. పంపేవాడికి సూచన ఒక్కసారి కనిపిస్తుంది. అందుకునే మనిషికి అదే వాక్యం ఎంతమంది పంపితే అన్నిసార్లు కనిపిస్తుంది.

సింధు ప్రొఫైల్‌లో పక్షులు ఉన్నాయి. నగరంలో పక్షులు పెట్టుకున్న 100 మందిలో వారంలో ఎనిమిది మందితో ఆమెకు మ్యాచ్ అయిందనుకోండి. మన లెక్క ప్రకారం ఎనిమిది మందికీ పక్షులకే ఎక్కువ బరువు, అందరికీ ఆ ఆరు వాక్యాల్లోంచే వస్తుంది, అందులో మొదట ఉన్నదాన్నే ఎక్కువమంది నొక్కుతారు. శనివారానికి సింధు ఇన్‌బాక్స్‌లో "పక్షులను చూసే అలవాటు ఎలా మొదలైంది?" అని నలుగురి నుంచి ఉంటుంది. నలుగురూ అబద్ధం ఆడినట్టే ఉంటుంది ఆమెకి. వాళ్ళలో ఒకడు నిజంగా అడగాలనుకున్నాడేమో, వాడూ ఆ గుంపులో కొట్టుకుపోయాడు. మేము మొదటిసారి చేసినప్పుడు సరిగ్గా ఇదే జరిగింది. ఒకామె స్క్రీన్‌షాట్ పంపేవరకు మాలో ఎవరికీ తట్టలేదు, ఎందుకంటే మా పరీక్షలన్నీ పంపేవాడి తెర మీదే చేశాం. ఆ స్క్రీన్‌షాట్ చూసి నాకు నిజంగా సిగ్గేసింది.

కాబట్టి అందుకునే ప్రతి మనిషి పేరున ఒక చిట్టా ఉంచండి: ఏ వాక్యం ఆమెకు ఎప్పుడు వెళ్ళింది అని. ఒకసారి వెళ్ళిన వాక్యాన్ని, కొద్దిగా మార్చి పంపినా సరే, ఆమె కోసం 60 రోజుల వరకు ఇంకెవరికీ సూచించకూడదు. పంపినప్పుడు మాత్రమే రాసుకుంటే ఇంకో చిక్కుంది. ఇద్దరు ఒకే సాయంత్రం ఆ వాక్యాన్ని చూసి, ఇద్దరూ పంపేస్తారు. అందుకే ఒకరికి చూపించిన క్షణం నుంచే 24 గంటలు పక్కన పెట్టండి. పంపితే 60 రోజులు, పంపకపోతే మర్నాటికి మళ్ళీ అందుబాటులోకి.

ఆరు వాక్యాలు త్వరగానే అయిపోతాయి కదా అంటారు. అవుతాయి. అప్పుడు తర్వాతి ఆసక్తికి, అంటే ట్రెక్కింగ్‌కి దిగండి. అదీ అయిపోతే వాక్యం ఇవ్వడం మానేసి, ఖాళీ చాట్ పైన "మీ ఇద్దరికీ పక్షులను చూడటం అంటే ఇష్టం" అని మాత్రమే చూపించండి. మాట వాళ్ళే వెతుక్కుంటారు. నిజానికి మొదటి నుంచీ ఇది ఒక్కటే పెట్టినా తప్పులేదని నా అభిప్రాయం, వాక్యాలు రాసే మనిషి లేని చిన్న టీమ్ అయితే ఇక్కడే ఆగిపోండి.

ఇద్దరికీ సూచనలు కనిపిస్తాయి కదా, ఇద్దరూ ఒకేసారి ఒకే ప్రశ్న అడిగితే?

ఒకే మ్యాచ్‌లో ఇద్దరికీ వేరువేరు వాక్యాలు పంచండి. ఒకరు పంపిన వెంటనే రెండోవాళ్ళ తెర మీంచి సూచనలు మాయం కావాలి. అప్పుడు వాళ్ళకు కావాల్సింది జవాబు ఇచ్చే చోటు, ఇంకో ప్రశ్న కాదు.

నొక్కగానే వెళ్ళిపోవాలా?

వద్దు. నొక్కితే టైప్ చేసే పెట్టెలో పడాలి, కర్సర్ చివర్లో ఉండాలి, పంపడం వేరే నొక్కుడు కావాలి. ఆ రెండు సెకన్లలోనే కొంతమంది వాక్యాన్ని తమ మాటలోకి మార్చుకుంటారు, మనకు కావాల్సింది అదే. రెండు మూడింటికి మించి చూపించకండి.

ప్రొఫైల్‌లో కనిపించనిదైనా మనకు తెలిసినది వాడొచ్చా? ఏ పాటలు వింటారో, ఎక్కడ తిరుగుతారో?

వాడకూడదు. అవతలి మనిషి తెర మీద ఇప్పుడు కనిపిస్తున్నదే వాడాలి. దాచుకున్న ఆసక్తిని సూచనలో బయటపెడితే అది మన చేత్తో చేసిన లీకే. మతం, కులం, ఆరోగ్యం, రాజకీయం ఇద్దరూ బాహాటంగా రాసుకున్నా సూచనలోకి తీసుకురాకండి, మొదటి మాటగా అవి మనిషిని మూలకు నెడతాయి. మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా ఏ పని కోసం అనుమతి తీసుకున్నామో ఆ పనికే డేటా వాడమంటుంది.

ఇంకొకటి, సూచనలను మ్యాచ్ అయిన రోజే లెక్కగట్టి దాచిపెట్టుకోవద్దు. సింధు నిన్న ట్రెక్కింగ్ తీసేసి ఉండవచ్చు, మోకాలి దెబ్బ వల్లనో మరొకందువల్లనో. చాట్ తెరిచిన క్షణంలో లెక్కగట్టండి.

ఉమ్మడి ఆసక్తి ఒక్కటీ లేకపోతే?

బలవంతంగా కలపకండి. "మీకు వీణ, ఆయనకు డ్రమ్స్, ఇద్దరికీ సంగీతం!" అన్నది చదివేవాళ్ళకు అతుకులా కనిపిస్తుంది. అందుకునే మనిషే ఒక ప్రశ్న పెట్టుకుని, మ్యాచ్ అయినవాళ్ళు దానికి జవాబుతో మొదలుపెట్టేలా చేయడం మంచి దారి. బంబుల్ 2024లో ఓపెనింగ్ మూవ్స్ అని ఇలాంటిదే తెచ్చింది. అప్పుడు వచ్చే నాలుగు సందేశాలూ నాలుగు రకాలుగా ఉంటాయి, ఎందుకంటే ప్రశ్న ఒకటైనా జవాబులు ఎవరివి వాళ్ళవే.

పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది?

సూచన నొక్కినవాళ్ళ సంఖ్య చూసి మురిసిపోకండి, సులువైన బటన్ ఎవరైనా నొక్కుతారు. జవాబుల శాతం కూడా ఒక్కోసారి తప్పుదారి పట్టిస్తుంది. ఊహించి చెప్తాను: సూచన లేని 1,000 మ్యాచ్‌లలో 400 మంది సందేశం పంపారు, 160 జవాబులు వచ్చాయి, అంటే 40 శాతం. సూచన ఉన్న 1,000లో 600 పంపారు, 210 జవాబులు, 35 శాతం. శాతం పడిపోయింది అని ఫీచర్ తీసేయబోయారు అనుకోండి. కానీ పంపడానికి మొహమాటపడే 200 మంది కొత్తగా వచ్చి చేరారు, అందుకే శాతం తగ్గింది. మ్యాచ్‌ల మీద లెక్కిస్తే 16 నుంచి 21 శాతానికి పెరిగింది. ఎప్పుడూ మ్యాచ్‌ల మీదే లెక్కించండి. జవాబు ఒక్కటే కాకుండా మూడు రోజుల్లో ఇద్దరూ చెరో మూడు సందేశాలు పంపుకున్నారా అన్నది చూస్తే ఇంకా నమ్మకం.

ఈ 21 కూడా ఒక వైపు కథే. అటువైపు 200 సందేశాలు ఎక్కువ వెళ్ళాయి, అందులో 50కే జవాబు వచ్చింది, మిగతా 150 ఎవరో ఒకరు చదివి వదిలేసినవి. అందుకని అందుకునేవాళ్ళ వైపు విడిగా చూడండి: వారానికి ఎక్కువ సందేశాలు వచ్చే పదిశాతం మందిలో మ్యాచ్ తీసేయడం, బ్లాక్ చేయడం పెరిగాయా? పోల్చే గుంపులను కూడా పంపేవాళ్ళను బట్టి విడగొట్టకండి, ఒకే సింధుకి రెండు గుంపుల నుంచీ సందేశాలు వెళ్ళి లెక్క కలగాపులగం అవుతుంది. అందుకునేవాళ్ళను బట్టి గానీ, నగరాలను బట్టి గానీ విడగొట్టండి.

ఎన్నాళ్ళు చూశాక నిర్ణయించాలి?

కనీసం ఆరు వారాలు. మొదటి రెండు వారాలు ఎప్పుడూ బాగుంటాయి, ఎందుకంటే చిట్టాలు ఖాళీగా ఉంటాయి, ప్రతి వాక్యమూ ప్రతి మనిషికీ కొత్తదే. నాలుగో వారం నుంచి వాక్యాలు అయిపోవడం మొదలవుతుంది. అప్పుడు వచ్చే అంకెలే మీ ఫీచర్‌వి.